రఫ్‌కు కూడా మార్కులే

పెర్సిస్‌కు కోపం వస్తే అరవదు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుస్తుంది. మెదక్‌లోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చదివే పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. మేడమ్ చేయి అద్దాల మీదికి పోతే చాలు, వెనక బెంచీలవాళ్లు కూడా సెల్‌ఫోన్లు సంచుల్లోకి తోసేస్తారు. గత రెండేళ్లలో ఆమె అద్దాలు తుడిచినంతగా అంతకు ముందు పదిహేనేళ్లలో తుడిచి ఉండదు.

ఆ పదిహేనేళ్లలో ఎక్కువ భాగం శంకరంపేట దగ్గర ఒక బడిలో గడిచింది. అక్కడి పిల్లలు ఒత్తులు తప్పు రాసేవాళ్లు, దీర్ఘాలు మింగేసేవాళ్లు. కానీ ఎవడి తప్పు వాడిదే. చేతిరాత చూడకుండా కూడా ఇది ఫలానావాడు రాసిందని ఆమె చెప్పగలిగేది. కాలేజీకి వచ్చిన కొత్తలో కూడా అంతే. సీనియర్ల రికార్డులు చూసి ఎత్తిరాయడం ఉండేది గానీ, అదీ చూసి రాసినవాడి బద్ధకం మేరకు అక్కడక్కడ మారేది.

తర్వాత ఫోన్లలోకి ఏఐ వచ్చింది. అసైన్‌మెంట్లలో ఒత్తులన్నీ ఒక్కసారిగా సరిగ్గా పడ్డాయి. కుల్చారం నుంచి బస్సులో వచ్చే పిల్లవాడూ, తూప్రాన్ హైవే పక్క హోటల్ నడిపే ఆయన కూతురూ ఒకే గొంతుతో మాట్లాడడం మొదలుపెట్టారు. 'నేటి ఆధునిక యుగంలో' అని మొదలు. 'అనడంలో ఎటువంటి సందేహం లేదు' అని ముగింపు. మధ్యలో ఏమీ ఉండదు. చాలా చక్కగా ఏమీ ఉండదు.

పెర్సిస్ ఊరుకోలేదు. టైపు చేసింది తీసుకోను, చేత్తోనే రాసి తెమ్మంది. ఫోన్‌లో వచ్చినదాన్నే చూసి చేత్తో రాసుకొచ్చారు. పోనీ, మిషన్ రాసిందో మనిషి రాసిందో చెప్పే మిషన్ ఒకటి ఉందని ఎవరో అంటే దాన్ని నమ్ముకుంది. అది మిస్బా వ్యాసాన్ని మిషన్ రాసిందని తేల్చింది. మిస్బా క్లాసులో అందరికంటే తక్కువ మాట్లాడే పిల్ల. ఆ వ్యాసం ఆమె లైబ్రరీలో కూర్చుని రాస్తుంటే పెర్సిస్ కళ్లారా చూసింది. అదే మిషన్ నిజంగా ఫోన్‌లోంచి దింపిన నాలుగు వ్యాసాలకు మనిషి రాసినవేనని సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ రోజుతో ఆమె దాని ముఖం చూడడం మానేసింది.

వీటన్నిటికంటే ఆమెను ఎక్కువ తిప్పలు పెట్టింది ఒక పుస్తకం. అఖిల్ అనే రెండో సంవత్సరం కుర్రవాడు తన వ్యాసం చివర ఆధార గ్రంథం అని ఒక పేరు రాశాడు. రచయిత పేరు, సంపుటం, పేజీ నంబరు అన్నీ ఉన్నాయి. పెర్సిస్‌కు పుస్తకాల పిచ్చి. ఇంత మంచి పుస్తకం నాకు తెలియకుండా ఎట్లా ఉందని ఎండలో పడి గ్రంథాలయానికి పోయింది. లైబ్రేరియన్ గాలయ్య బీరువాలన్నీ తెరిచాడు. నిచ్చెన ఎక్కాడు, దిగాడు. తుమ్మాడు. చివరికి అసలు సంగతి చెప్పాడు.

"మేడమ్, గీ పుస్తకం నా దగ్గరనే కాదు, యాడ లేదు. గా పేరు మీద రాసినాయన గూడ లేడు. ఫోన్‌ల అడిగితె గది పేర్లు అల్లి ఇస్తది. నెలకు నలుగురొస్తున్రు నా దగ్గరికి, లేని పుస్తకాలు కావాల్నని."

"మరి ముందే చెప్పొద్దా గాలన్నా? ఇంతసేపు నిచ్చెనెక్కవట్టినవు!"

"మీరడిగిన్రు గదా, ఉంటదేమోనని ఆశ వడ్డ."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఆమె అద్దాలు తుడుస్తూ కూర్చుంది. భర్త జకరయ్య ఆర్టీసీలో కండక్టరు. డ్యూటీ దిగి వచ్చి చాయ్ పెడుతున్నాడు.

"ఏందమ్మా టీచరమ్మా, అద్దాలు ఇంక పల్చగైతయి. ఎవనిమీద?"

"నామీదనే. పోలీసోళ్ల లెక్క ఎవడు దొంగ, ఎవడు కాదని ఎతుకుతున్న. గిదా నా పని?"

"మా బస్సుల గూడ అంతే. టికెట్ లేనోన్ని పట్టుకోవాల్నంటే సచ్చిపోతం. ఎక్కేకాడనే టికెట్ కొడితె లొల్లే లేదు."

జకరయ్య ఆ మాట చాయ్ వడపోస్తూ యథాలాపంగా అన్నాడు. అని మరచిపోయాడు కూడా. పెర్సిస్ మాత్రం ఆలోచనలో పడింది. ఇరవై మార్కులూ చివరి కాగితానికే ఇస్తోంది తను. చివరి కాగితం ఫోన్ ఒక్క నిమిషంలో ఇస్తుంది. అంటే ఇరవై మార్కులు ఒక్క నిమిషానికి అమ్ముతున్నది తనే. పిల్లలను అనడమెందుకు? అంత చవగ్గా దొరుకుతుంటే తను మాత్రం కొనకుండా ఉండేదా?

మరుసటి వారం ఆమె కొత్త మార్కుల పద్ధతి బోర్డు మీద రాసింది. చివరి వ్యాసానికి అయిదు మార్కులే. రెండు చిత్తుప్రతులకు కలిపి ఆరు. మొదటిది క్లాసులోనే కూర్చుని రాయాలి, దానిమీద మేడమ్ ఎర్ర పెన్నుతో ప్రశ్నలు రాస్తుంది, రెండోదాంట్లో ఆ ప్రశ్నలకు జవాబు కనపడాలి. ఆధారాలకు అయిదు. కనీసం ఇద్దరు మనుషులతో మాట్లాడి వాళ్లు అన్న మాట అన్నట్టే రాయాలి, చేతిలో పట్టుకుని చూపించగల పుస్తకమో పత్రికో ఒకటి ఉండాలి. మిగతా నాలుగు మార్కులు, మొదట ఏమనుకున్నావు, ఇప్పుడేమనుకుంటున్నావు, ఎందుకు మారావు అన్నది 'రిఫ్లెక్షన్' అనే ఒక పేజీ రాసినందుకు. విషయం కూడా మార్చింది. 'మా ఊళ్లో మారిపోయిన ఒక పని.'

క్లాసంతా గొల్లుమంది.

"మేడమ్, రఫ్‌కు గూడ మార్కులేంది మేడమ్? రఫ్ అంటే చింపేసేది గదా!"

"చింపితె మార్కులు గూడ చిరుగుతయి. దాచుకోండ్రి."

"రఫ్‌ల తప్పులుంటె?"

"తప్పులకు కొయ్య. మారకుంటె కోస్త."

అఖిల్ లేచి నిలబడ్డాడు. "మేడమ్, నేనేం మారలేదనుకోండ్రి. మొదలే కరెక్ట్ రాసిన్ననుకోండ్రి."

"గట్ల రాసినోడు ఇప్పటిదాంక పుట్టలేదు బిడ్డా. కూసో."

పిల్లలకు దీనికి కూడా అడ్డదారి దొరకడానికి ఎక్కువ కాలం పట్టలేదు. కాలేజీ గేటు ఎదురుగా ఖయ్యూం జిరాక్స్ సెంటర్ ఉంది. ఖయ్యూం అక్కడ జిరాక్సులు తీస్తాడు, స్పైరల్ బైండింగ్ చేస్తాడు, పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాడు. రెండేళ్లుగా అసైన్‌మెంట్లు కూడా చేసి ఇస్తున్నాడు. వాట్సాప్‌లో విషయం పంపితే చాలు, పిల్లవాడు బస్సు దిగేసరికి పూల బార్డరుతో, పేరుతో, రంగు అట్టతో తయారు. ఇది కాలేజీలో అందరికీ తెలిసిన రహస్యమే. చాలామంది లెక్చరర్లు ఆ పూల బార్డరును చూసే మార్కులు వేసేవారు.

కొత్త పద్ధతి వచ్చాక మొదట ఖయ్యూం కూడా పట్టించుకోలేదు. 'ఫుల్ సెట్' అని బోర్డు పెట్టాడు. క్లాసులో రాసే రఫ్ తప్ప మిగతావన్నీ: రఫ్ రెండు, ఫైనల్, రిఫ్లెక్షన్. ముందు ఫోన్‌తో ఫైనల్ రాయించి, దాన్నే కొంచెం పాడు చేయమని ఫోన్‌నే అడిగేవాడు. అది బుద్ధిగా పాడు చేసి ఇచ్చేది. పిల్లలు దాన్ని చేత్తో ఎక్కించి, అక్కడక్కడ కొట్టేసి తెచ్చేవారు.

పెర్సిస్ అలాంటి సెట్లు ముందేసుకుని తల పట్టుకుంది. క్లాసులో రాసిన మొదటి చిత్తులో అఖిల్ ఏడు వాక్యాలే రాశాడు. 'మా ఊల్లో కోతకు మిషిన్ వస్తది. గడ్డి నలుగుతది. పశువులు తినవని మా అమ్మమ్మ అంటది.' ఆమె దాని పక్కన ఎర్రగా రాసింది: ఎందుకు తినవు? అమ్మమ్మను అడుగు. ఇప్పుడు చేతిలో ఉన్న రెండో చిత్తులో అమ్మమ్మే లేదు. వ్యవసాయ యాంత్రీకరణ వల్ల రైతు సోదరుల జీవితాల్లో వెలుగులు నిండాయి. ఒకచోట 'వెలుగులు' కొట్టేసి 'కాంతులు' అని ఉంది. రిఫ్లెక్షన్ పేజీలో, 'ఈ వ్యాసం ద్వారా నా పదసంపద మెరుగుపడింది' అని ఉంది.

ఇదివరకైతే ఆమె అతన్ని పిలిచి నిలదీసేది. నువ్వు రాశావా, దేవుని మీద ఒట్టేయ్ అనేది. వాడు ఒట్టేసేవాడు. ఈసారి ఏమీ అడగలేదు. ప్రశ్నకు జవాబు లేదు కాబట్టి రెండో చిత్తుకు సున్నా. మాట్లాడిన మనుషులు లేరు, ఆధారాలకు సున్నా. ఏదీ మారలేదు, రిఫ్లెక్షన్‌కు సున్నా. మొదటి చిత్తు క్లాసులో రాశాడు కాబట్టి దానికి మూడు. ఫైనల్ బాగానే ఉంది, నాలుగు. మొత్తం ఏడు. మళ్లీ రాసి తేవచ్చు, వారం గడువు అని కింద రాసింది.

అలాంటి ఏడులూ ఎనిమిదులూ క్లాసులో సగం మందికి వచ్చాయి. లొల్లి మొదలైంది. పక్క సెక్షన్‌లో జియా సార్ పూల బార్డరుకు పందొమ్మిది వేశాడు. ఆయన మంచివాడే, పిల్లల మీద ప్రేమ. "మేడమ్, మీరు ఎందుకు పరేషాన్ అయితున్రు? ఇంటర్నల్సే గదా" అన్నాడు స్టాఫ్‌రూంలో. తల్లిదండ్రులు ప్రిన్సిపాల్‌కు ఫోన్లు చేశారు.

ప్రిన్సిపాల్ ఇంద్రకరణ్ సార్‌ది పొలాలున్న కుటుంబం. కాలేజీలో వాటా ఉంది. ఫోన్ మోగడం ఆయనకు నచ్చని విషయం. పెర్సిస్‌ను పిలిపించాడు.

"మేడమ్, ఏడు మార్కులేంది మేడమ్? మన దగ్గర ఇంటర్నల్స్‌ల ఏడు ఎవరికన్న పడ్డయా ఎప్పుడన్న?"

"పడలేదు సార్. అందుకే రాస్తలేరు."

"పట్టుకున్రా ఎవర్నన్న? కాపీ అని ప్రూఫ్ ఉన్నదా?"

"పట్టుకునే పని లేదు సార్. కాపీ కొట్టిన్రని నేను అంటలేను. చెయ్యాల్సింది చెయ్యలేదు, గంతే."

"గది నాకు సమజ్ అయితలేదు. ఫోన్‌ల రాసేటోడు రఫ్ గూడ ఫోన్‌లనే రాస్తడు. మీకు పని ఎక్కువ, పిల్లలకు మార్కులు తక్కువ. ఫరక్ ఏం వడ్డది?" ఆయన క్యాలెండర్ వైపు చూశాడు. "శనివారం మార్కులు పంపాలె. అప్పటిదాంక ఫరక్ చూపియ్యుండ్రి. లేకుంటె పాత పద్ధతే. అందరికి పదిహేడు, పద్దెనిమిది వేసి పంపుండ్రి."

పెర్సిస్ స్టాఫ్‌రూంకు వచ్చి అద్దాలు తుడిచింది. తేడా ఎట్లా చూపించాలి? మంచి వ్యాసాలు వచ్చాయని చూపిస్తే, ఇవి కూడా ఫోన్‌లోవే అంటాడు. పిల్లలను సాక్ష్యానికి తెస్తే ప్రిన్సిపాల్ ముందు ఏం మాట్లాడతారు? పాత పద్ధతి వస్తే మళ్లీ ఆ చక్కటి ఏమీలేనితనాన్ని చదవాలి, కింద పద్దెనిమిది వేయాలి. అట్లయితే శంకరంపేట బడికే తిరిగి పోతానని జకరయ్యతో అంది. అతను ఈసారి ఎగతాళి చేయలేదు. "పోదువులే. ముందు శనివారం రానియ్యి" అన్నాడు.

శనివారం మార్కుల షీటు పట్టుకుని ఆమె ప్రిన్సిపాల్ గదికి వెళ్లేసరికి అక్కడ ఖయ్యూం నిలబడి ఉన్నాడు. చెమటలు కక్కుతున్నాడు. ఆమెను చూసి సలాం చేశాడు గానీ ముఖం మాడ్చుకునే ఉన్నాడు.

"రాండ్రి మేడమ్. మీ మీదనే పంచాయతి" అన్నాడు ఇంద్రకరణ్ సార్. "చెప్పు ఖయ్యూం, మళ్లా మొదటికెంచి చెప్పు."

"ఏం చెప్పాలె సార్! కాలేజీ గేటు ముంగట పదేండ్లయె దుకాణం. మీ హాల్‌టికెట్లు, మీ ఐడీ కార్డులు, అన్ని నేనే. గిప్పుడు మేడమ్ నా నోట్ల మట్టి కొట్టింది."

"నేనేం జేసిన ఖయ్యూం భాయ్?" అంది పెర్సిస్, నిజంగానే అర్థంకాక.

"ఏం జెయ్యలేదు మీరు? పాత లెక్కన ఒక్క టాపిక్ చెప్తె, ఒక్క బటన్ నొక్కితె, ప్రింట్. చాయ్ తాగేలోపల పది అసైన్‌మెంట్లు. గిప్పుడేమో రఫ్ అంటరు. సరే, రఫ్ గూడ నొక్కిన. కని క్లాసుల రాసిన మొదటి రఫ్ మీద మీరు ఎర్రగ రాస్తరు. ఒక్కొక్కనికి ఒక్కో తీరు రాస్తరు! గది చూడకుంట రెండో రఫ్ నేనెట్ల చేయాలె? ఫోటో పెట్టుమంటె, మీ రాత ఫోన్‌కు సమజ్ కాదు, నాకు గూడ సమజ్ కాదు."

ఇంద్రకరణ్ సార్ దగ్గాడు. ఖయ్యూం ఆగలేదు.

"సరే, గది గూడ సదివిన. 'మీ అమ్మమ్మను అడుగు' అని ఉన్నది. నేనేడికెంచి తేవాలె సార్ కుల్చారం అమ్మమ్మను? ఫోన్‌ను అడిగితె అది ఒక అమ్మమ్మను తయారు జేసింది. పేరు కాంతమ్మ అన్నది. పోరడు చూసి, 'భాయ్, మా అమ్మమ్మ పేరు పద్మమ్మ, గామె గిట్ల మాట్లాడదు' అన్నడు. మరెట్ల మాట్లాడ్తది, చెప్పరా అన్న. చెప్పిండు. గడ్డి మిషన్ టైర్ల కింద మట్టిల కలుస్తదట, తుక్కుతుక్కు అయితదట, కట్టలు కట్టే మిషన్ వేరే రావాల్నట. గదంత చెప్పి, ఆఖరికి ఏమన్నడో తెలుసా సార్?"

"ఏమన్నడు?"

"'భాయ్, గిదంత నీకు చెప్పే బదులు నేనే రాసుకుంట గదా' అన్నడు. రాసుకున్నడు! నా బల్ల మీద కూసొని, నా పెన్నుతోని, నా కాగితం మీద రాసుకొని పోయిండు. వానెనక ఇంకో నలుగురు. ఫుల్ సెట్ బోర్డు తీసేసిన సార్. ఒక్క సెట్‌కు పూట గడుస్తున్నది, గా టైంల యాభై జిరాక్సులు తీస్త. జియా సార్ క్లాసోళ్లు మస్తు మంచోళ్లు. ఇప్పటికి గూడ ఒక్క బటనే."

పెర్సిస్ చేయి అద్దాల మీదికి పోయింది, కానీ తీయలేదు. ఇంద్రకరణ్ సార్ ఖయ్యూం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. మళ్లీ ఖయ్యూం వైపు చూశాడు.

"అంటె మేడమ్ క్లాసు పిల్లలు నీ దగ్గరికి వస్తలేరు."

"ఇద్దరు ముగ్గురు వస్తున్రు. ఏడు మార్కులైన చాలనేటోళ్లు. మిగితోళ్లకు రాసుకునుడే సులువైతున్నది సార్. గదే గదా నా బాధ!"

"ఫరక్ పడ్డట్టే ఉన్నది మేడమ్" అన్నాడు ప్రిన్సిపాల్ నెమ్మదిగా.

పెర్సిస్‌కు నవ్వు రావాలి. రాలేదు. తను ఇన్ని రోజులూ రుజువు కోసం వెతికితే అది ఫిర్యాదు రూపంలో వచ్చి తనను తిడుతూ నిలబడింది. షీటు ఆయన ముందు పెట్టింది. మళ్లీ రాసి తెచ్చినవాళ్లలో చాలామంది పన్నెండు దాటారు. అఖిల్‌కు పదిహేను. అతని రిఫ్లెక్షన్ పేజీలో ఒత్తులు తప్పులే. కానీ అందులో, 'గడ్డి పాడైతదని బాధ పడ్డ. మా పక్కింటాయనను అడిగితె, బర్లను ఎప్పుడో అమ్మిన, గడ్డి ఏం జేసుకోవాలె అన్నడు. అప్పుడు నా ప్రశ్ననే తప్పనిపించింది' అని ఉంది. ఇద్దరు ముగ్గురు ఏడు మార్కులతోనే సరిపెట్టుకున్నారు. వాళ్ల సంగతి ఆమెకు తెలుసు. అందర్నీ మార్చే పద్ధతి ఏదీ లేదని కూడా తెలుసు.

ఇంద్రకరణ్ సార్ అఖిల్ పేజీ చదివాడు. ఆయనకూ పొలముంది, గడ్డి సంగతి తెలుసు. సంతకం పెట్టాడు.

"బాగుంది మేడమ్. వచ్చే సెమిస్టర్ కెంచి జియా సార్ సెక్షన్ గూడ మీరే చూడుండ్రి. గిదే పద్ధతి. మీ రెండింటితోని కలిపి మొత్తం మూడు సెక్షన్లు."

పెర్సిస్ ఈసారి అద్దాలు తీసేసింది.

"సార్, ఒక్కో పిల్లోనికి రెండు చిత్తులు, రెండిటి మీద నేను రాయాలె. మూడు సెక్షన్లంటె ఇంట్ల కూసొని రాత్రంత దిద్దాలె. దిద్దకుంట ఊకె సంతకం పెడితె, ఖయ్యూం భాయ్ మళ్లా బోర్డు పెడ్తడు."

"పెడ్త" అన్నాడు ఖయ్యూం వెంటనే. "అబద్ధమెందుకు!"

"చూద్దాం మేడమ్."

"చూద్దాం అంటె కాదు సార్. వారానికి రెండు పీరియడ్లు చిత్తులకే ఇయ్యుండ్రి. క్లాసుల్నే రాస్తరు, క్లాసుల్నే దిద్దుత. జియా సార్ గూడ వచ్చి కూసోవాలె. టైంటేబుల్‌ల వేస్తెనే చేస్త. లేకుంటె పాత పద్ధతే పెట్టుకోండ్రి, నేను శంకరంపేట పోత."

అంత పొడుగు మాట ఆ గదిలో ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. మాట్లాడి, ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంద్రకరణ్ సార్ ఫోన్ మోగింది, ఎత్తలేదు. గోడ మీది టైంటేబుల్ చూశాడు. పెన్సిల్ తీసుకున్నాడు. మంగళవారం, శుక్రవారం గడుల్లో ఏదో కొట్టేసి ఏదో రాశాడు. మళ్లీ కొట్టేశాడు. శుక్రవారం తీసి గురువారం వేశాడు.

"గిట్లనా?"

"గురువారం జియా సార్‌కు లైబ్రరీ డ్యూటీ ఉంటది."

ఆయన నిట్టూర్చి రబ్బరు కోసం సొరుగు వెతికాడు.